ఆ బిర్యానీ ఫొటో సంగతి

ఫుడ్ యాప్‌లో ఒక హోటల్ పెట్టిన దమ్ బిర్యానీ ఫొటోను నిన్న గ్రూపులో పెట్టి, అది నిజమైనదేనా అని అడిగారు కదా, తీరిగ్గా చూశాను.

ముందు స్క్రీన్‌షాట్ తీసి, పేరూ ధరా కనిపించకుండా వంటకం వరకే కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతికాను. అదే గిన్నె, అదే పుదీనా రెమ్మ వేరే ఊళ్ల హోటళ్ల పేర్లతోనూ కనిపిస్తే అది చాలావరకు స్టాక్ ఫొటోనే. దీనికి అలాంటి జత దొరకలేదు. అంతమాత్రాన అసలైనదని అనుకోకండి. ఏఐ బొమ్మ అప్పటికప్పుడు తయారవుతుంది కాబట్టి దానికీ జత దొరకకపోవచ్చు.

అందుకే పెద్దది చేసి అంచులు చూశాను. గిన్నె పక్కన మెతుకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇది ఒక్కటే అయితే వదిలేసేవాణ్ణి, యాప్‌లు ఫొటోను కుదించినప్పుడు అసలు ఫొటోలోనూ మెతుకులు అలుక్కుపోతాయి. కానీ వేయించిన ఉల్లిపాయ ముక్క ఒకటి సగం దూరం వెళ్లాక కొత్తిమీర కాడగా మారింది. లెగ్‌పీసుకు రెండు చివరలా ఒకేలాంటి ఎముక మొన ఉంది. అలాంటి కోడి ఏ ఫారంలో పెరిగిందో! కుదింపు వల్ల బొమ్మ మసకబారుతుంది గానీ ఎముకలు మొలవవు. నా లెక్కలో ఇది ఏఐదే.

ఆర్డర్ చేయాలనుకునేవాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో ఆ హోటల్‌కు కస్టమర్లు పెట్టిన ఫొటోలు, కొత్తవి ముందుగా, చూడండి. వేర్వేరు ఇళ్ల బల్లల మీద అదే డబ్బా, అదే రంగు అన్నం కనిపిస్తే మీకు వచ్చేదీ దాదాపు అదే.