రీఫండ్ పెట్టిందీ, అప్రూవ్ చేసిందీ ఒకే మనిషి: మా తప్పు ఎక్కడ జరిగింది, ఇప్పుడు ఏం మార్చాం

"మా మేనేజర్ తనే రీఫండ్ పెట్టి తనే అప్రూవ్ చేసేసుకున్నారు. ఇద్దరు చూడాలనే కదండీ అప్రూవల్ పెట్టుకున్నది? మీ సాఫ్ట్‌వేర్ ఎలా ఒప్పుకుంది?"

ఒప్పుకోకూడదు. కానీ ఒప్పుకుంది. ఆ మేనేజర్ ఏ దొడ్డిదారీ తొక్కలేదు, ఎవరి పాస్‌వర్డూ దొంగిలించలేదు. మేము ఇచ్చిన బటన్నే నొక్కారు. రికార్డు తెరిచి చూస్తే ఉదయం 11:42కి రీఫండ్ అడిగారు, 11:43కి అదే లాగిన్‌తో అప్రూవ్ అయింది. మధ్యలో ఎక్కడా ఒక్క హెచ్చరిక కూడా రాలేదు. ఈ ప్రశ్న ఒక్కరే అడిగినా మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే అందరికీ సంబంధించింది కాబట్టి ఏం జరిగిందో అందరికీ రాస్తున్నాను.

మా దగ్గర రోల్స్ మెట్లలా ఉంటాయి. కింద స్టాఫ్, పైన మేనేజర్, ఆ పైన ఏరియా మేనేజర్, అన్నిటికంటే పైన ఓనర్. పై మెట్టుకు కింది మెట్టు పనులన్నీ వాటంతటవే వచ్చేస్తాయి. ఇలా పెట్టుకోవడానికి కారణం బద్ధకం కాదు (కొంచెం అదీ ఉంది లెండి). స్టాఫ్ చేసే పనులు పదుల సంఖ్యలో ఉంటాయి. అవన్నీ మళ్ళీ మేనేజర్‌కు విడిగా రాస్తే ఏదో ఒకటి మర్చిపోతాం. రద్దీ వేళ మేనేజర్ కౌంటర్‌లో కూర్చుంటే బిల్లు కొట్టడానికి కుదరదు, మాకు ఫోన్ వస్తుంది. అందుకని ఇలా రాసుకున్నాం:

```
staff:
  - sale.create
  - drawer.count
manager:
  inherits: staff
  add:
    - refund.approve
    - drawer.view_expected
```

మొదట్లో రీఫండ్ అడిగే పని స్టాఫ్ రోల్‌లో లేదు. దానికి రిటర్న్స్ డెస్క్ అని విడిగా ఒక రోల్ ఉండేది. డెస్క్ వాళ్ళు అడుగుతారు, మేనేజర్ అప్రూవ్ చేస్తారు. ఇద్దరు మనుషులు, రెండు లాగిన్లు. తర్వాత మీలో చాలామంది, చిన్న షాపులో డెస్క్‌కు వేరే మనిషి ఎక్కడి నుంచి వస్తారండీ, కౌంటర్ స్టాఫే రీఫండ్ అడిగేలా చెయ్యండి అన్నారు. న్యాయమే. స్టాఫ్ రోల్‌లో `refund.request` అని ఒక్క లైను చేర్చాం.

ఆ లైను మేనేజర్‌కు కూడా చేరింది. మేనేజర్ రోల్‌ను ఎవరూ తెరవలేదు, అందులో ఒక్క అక్షరం మారలేదు. మార్పును తనిఖీ చేసిన మా సహోద్యోగికి కనిపించింది "స్టాఫ్ రీఫండ్ అడగగలరు" అనే ఒక్క వాక్యం. అది చదివితే ప్రమాదం ఏముంది, అడుగుతారు అంతే, ఇచ్చేది మేనేజర్ కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, నేనే ఓకే చేశాను. కింది మెట్టు మీద చేర్చిన లైను పై మెట్లన్నిటి మీదా వాలుతుందని తెలిసి కూడా, పై మెట్టు మీద అప్పటికే ఏముందో చూడలేదు.

మామూలుగా ఎక్కువ అధికారం ఉన్నవాళ్ళకు ఇంకో చిన్న పని తోడైతే నష్టం లేదనుకుంటాం. బిల్లు కొట్టడం, స్టాక్ చూడడం లాంటి వాటి విషయంలో అది నిజమే. కానీ `refund.request`, `refund.approve` రెండూ ఒక జత. విడివిడిగా ఏదీ ప్రమాదం కాదు. రెండో పని వేరే మనిషి చేతిలో ఉంటేనే మొదటి పనికి కాపలా ఉన్నట్టు. రెండూ ఒకే చేతికి వచ్చాక స్క్రీన్ మీద అప్రూవల్ అనే మాట ఉంటుంది గానీ దాని పని జరగదు.

ఇది మాకొక్కరికే వచ్చిన కష్టం కాదు. రోల్స్ పద్ధతి మీద 1996లో రవి సంధు, ఆయన సహచరులు రాసిన పేపర్లోనే కొన్ని అనుమతులు పై రోల్‌కు వెళ్ళకూడదని, వాటిని "ప్రైవేట్ రోల్"గా పక్కకు తియ్యాలని ఉంది. అక్కడి ఉదాహరణ ఇంజనీర్ల సగంలో ఉన్న పనిని సూపర్‌వైజర్ చూడకపోవడం గురించి. నేను అది ఎప్పుడో చదివాను. చదవడం వేరు, గుర్తుకు రావాల్సినప్పుడు గుర్తుకు రావడం వేరు.

సరిచెయ్యబోయి మొదట ఇంకో తప్పు చేశాం, అదీ చెప్పాలి. కంగారులో మేనేజర్ రోల్‌కు "రీఫండ్ అడగడం నిషేధం" అని ఒక రూల్ తగిలించాం. మేనేజర్ రోల్ నుంచి వారసత్వంగా వచ్చేది అధికారమే కాదు, నిషేధం కూడా. అది ఏరియా మేనేజర్‌కు, ఓనర్‌కు కూడా పాకింది. ఇంకా కొందరు పాత స్టాఫ్‌కు ప్రమోషన్ వచ్చినా స్టాఫ్ రోల్ తీసెయ్యలేదు, రెండు రోల్సూ ఉన్నాయి. ఒకటి అవునంటుంది, ఒకటి కాదంటుంది, మా సిస్టమ్ కాదన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ రెండు రోజులు "రీఫండ్ బటన్ మాయమైంది" అని మీలో కొందరు ఫోన్ చేసింది అందుకే. ఆ రూల్ తీసేశాం.

ఇప్పుడు పెట్టింది ఇది. రీఫండ్ అడిగే పనిని స్టాఫ్ రోల్ నుంచి తీసి "రీఫండ్ కౌంటర్" అనే చిన్న రోల్‌లో పెట్టాం. ఇది మెట్ల వరసలో లేదు, పక్కన ఉంటుంది. ఎవరికి ఇస్తే వాళ్ళకే, పైకి ఎక్కదు. ఇప్పటికే ఉన్న స్టాఫ్ అందరికీ మేమే ఇచ్చేశాం, కాబట్టి వాళ్ళకు స్క్రీన్‌లో తేడా కనిపించదు.

మరి మేనేజర్ కౌంటర్‌లో కూర్చునే రోజు సంగతేంటి? అలా కూర్చునే మేనేజర్లకు ఓనర్ ఆ రోల్ ఇవ్వవచ్చు. లాగిన్ అవ్వగానే "ఈ షిఫ్ట్‌లో ఏ పని?" అని అడుగుతుంది. కౌంటర్ అని ఎంచుకుంటే రీఫండ్ అడగగలరు, ఆ సెషన్‌లో అప్రూవల్ పని చెయ్యదు. మేనేజర్ అని ఎంచుకుంటే తలకిందులు. డేటాబేస్‌లు వాడేవాళ్ళకు ఇది కొత్త కాదు. PostgreSQL లో `NOINHERIT` పెట్టిన యూజర్‌కు రోల్ ఇచ్చినా దాని అధికారాలు వెంటనే రావు, `SET ROLE` అని ఆ రోల్‌లోకి కావాలని మారాలి.

అయితే ఇది ఒక్కటే చాలదు. ఉదయం కౌంటర్ సెషన్‌లో రీఫండ్ అడిగి, మధ్యాహ్నం మేనేజర్ సెషన్‌లో వచ్చి దాన్నే అప్రూవ్ చెయ్యొచ్చుగా? ఏ సెషన్‌లోనూ రెండు పనులూ లేవు, రూల్ తప్పలేదు, మనిషి మాత్రం ఒక్కరే. అందుకే అసలైన తాళం రోల్ దగ్గర కాదు, రికార్డు దగ్గర వేశాం. అప్రూవ్ నొక్కగానే సర్వర్ ఆ రీఫండ్ అడిగిన మనిషి ఎవరో చూస్తుంది. ఇద్దరూ ఒకరే అయితే ఏ రోల్ అయినా, ఓనర్ అయినా ఆపుతుంది. బటన్‌ను దాచడం మాత్రమే కాదు, వేరే దారిలో పంపినా సర్వర్ ఒప్పుకోదు.

గడిచిన రికార్డుల మీద మేము నడిపిన వెతుకులాట కూడా ఇంత చిన్నదే:

```
SELECT id, requested_by, requested_at, approved_at
FROM refunds
WHERE requested_by = approved_by;
```

మీ షాపుకు సంబంధించిన లిస్టు మీ ఓనర్ లాగిన్‌లో, రిపోర్ట్స్ కింద పెట్టాం. లిస్టులో పేరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి మోసం చేశారని కాదు. చాలా వాటిలో ఆ సమయానికి షాపులో ఇంకెవరూ లేరు. బిల్లు నంబరు, వెనక్కి వచ్చిన సరుకు స్టాక్‌లో మళ్ళీ చేరిందా లేదా అన్నవి సరిచూసుకోండి. రీఫండ్ వెళ్ళి సరుకు చేరకపోతే అప్పుడు అడగాలి.

ఈ లిస్టుకు దొరకనిది ఒకటుంది. ఒకే మనిషి చేతిలో రెండు లాగిన్లు ఉంటే మా సర్వర్‌కు వాళ్ళు ఇద్దరు మనుషులే. స్టాఫ్ పిన్ మేనేజర్‌కు తెలిసి ఉండడం చాలా షాపుల్లో మామూలు విషయం. ఒకే మెషీన్ మీద అడగడం, కొన్ని సెకన్లలో అప్రూవ్ అవడం జరిగితే ఇకపై రిపోర్ట్‌లో పసుపు గుర్తు వేస్తాం. మేనేజర్ కౌంటర్ దగ్గరకు నడిచి వచ్చి అక్కడే అప్రూవ్ చేసినా అదే గుర్తు పడుతుంది. కాబట్టి దాన్ని తప్పుగా కాకుండా ఒకసారి అడిగి తెలుసుకోవాల్సిన విషయంగా చూడండి. పిన్‌లు మార్చుకోవడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఒక్కరే నడిపే షాపులకు ఇద్దరు మనుషుల రూల్ అర్థం లేనిది. వాళ్ళకు సెట్టింగ్స్‌లో "ఒక్కరే ఉన్నాం" అని ఉంది. అది పెట్టుకుంటే రీఫండ్ ఆగదు, రికార్డులో "సొంత అప్రూవల్" అని పడుతుంది. ఇద్దరున్న షాపులు దాన్ని ఆన్ చేస్తే ఇంత కథా వృథా, దయచేసి చెయ్యకండి.

ఇలాంటి జతలు ఇంకా ఉన్నాయేమోనని అన్ని రోల్స్‌నూ విప్పి, వారసత్వంగా వచ్చినవి కూడా కలిపి ఒక్కో రోల్ చేతిలో చివరికి ఏమేం ఉన్నాయో పరిచి చూశాం. ఇంకొకటి దొరికింది. పైన కోడ్‌లోనే ఉంది, మీలో కొందరు ఈపాటికి పట్టేసి ఉంటారు.

రాత్రి డ్రాయర్‌లోని క్యాష్ లెక్కపెట్టేటప్పుడు స్టాఫ్‌కు సిస్టమ్ లెక్క కనిపించదు. చేతితో లెక్కపెట్టి అంకె వెయ్యాలి, తేడా ఉంటే మేనేజర్‌కు తెలుస్తుంది. మేనేజర్‌కు సిస్టమ్ లెక్క చూసే పని ఉంది, స్టాఫ్ నుంచి వచ్చిన లెక్కపెట్టే పని కూడా ఉంది. అంటే మేనేజర్ లెక్కపెట్టే రాత్రి జవాబు పక్కన పెట్టుకుని పరీక్ష రాసినట్టే. మా సొంత టెస్ట్ షాపు రికార్డులోనే ఇది కనిపించింది. స్టాఫ్ లెక్కపెట్టిన రోజుల్లో అటో ఇటో చిన్న తేడాలు ఉన్నాయి, మేనేజర్ రోజుల్లో ప్రతిసారీ సున్నా. చేతితో లెక్కపెడితే రోజూ సున్నా రాదు. ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు. అంకె కళ్ళ ముందు ఉంటే చెయ్యి దాని దగ్గరే ఆగుతుంది.

దీనికి ఎవరి అధికారం తీసేసే పని లేదు. లెక్క మొదలుపెట్టగానే ఆ డ్రాయర్ సిస్టమ్ లెక్క ఆ మనిషికి కనిపించకుండా పోతుంది, అంకె సబ్మిట్ చేశాక తిరిగి వస్తుంది. లెక్క మొదలుపెట్టే ముందే రిపోర్ట్ తెరిచి చూసుకుని వస్తే దీనితో ఆపలేం. అందుకే ఆ రోజు ఆ రిపోర్ట్‌ను ఎవరు, ఎప్పుడు తెరిచారో లెక్క పక్కనే కనిపించేలా చేస్తున్నాం. ఈ భాగం ఇంకా టెస్టింగ్‌లో ఉంది, వచ్చే అప్‌డేట్‌లో వస్తుంది. అంతవరకు కుదిరిన చోట క్యాష్ లెక్క స్టాఫ్‌తోనే పెట్టించండి.

రీఫండ్ మార్పు ఇప్పటికే అందరికీ చేరింది. మీ మేనేజర్లు కౌంటర్‌లో కూడా కూర్చునేవాళ్ళయితే ఈరోజే ఓనర్ లాగిన్‌తో యూజర్స్‌లోకి వెళ్ళి వాళ్ళకు "రీఫండ్ కౌంటర్" ఇవ్వండి. లేకపోతే రద్దీ వేళ ఆ బటన్ కనపడక మళ్ళీ టెన్షన్ పడతారు, ఫోన్ నాకే వస్తుంది.