ఆ 93 శాతాన్ని ఎవరు లెక్కబెట్టారు రమణా?

అనంతపురం

ప్రియమైన రమణా,

మీ వ్యాసరచన పోటీకి వచ్చిందని నువ్వు పంపిన సీమ రైతుల వ్యాసం అందింది. "చదివి రెండు ముక్కలు రాయి, ఫస్టు ప్రైజు దీనికే ఇద్దామనుకుంటున్నాం" అన్నావు. ఇది రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదప్పా. చెల్లెమ్మను ఒక కాఫీ అడిగి, తీరిగ్గా కూర్చుని చదువు.

పిల్లోడు బాగా రాశాడు, అందులో సందేహం లేదు. ఊడలు దిగే టైములో వాన మొహం చాటేస్తే చెనక్కాయ చేను ఎట్లుంటుందో రాసిన పేరా చదివి మా ఆవిడను కూడా పిలిచి వినిపించాను. చేను చూసినోడే రాయగలిగిన పేరా అది. నాకు పేచీ వచ్చింది అంకెల దగ్గర. పేజీ తిప్పితే చాలు మూడు నాలుగు అంకెలు. ప్రతిదాని ముందూ "సర్వేలు చెబుతున్నాయి", "నిపుణుల అంచనా ప్రకారం", "గణాంకాలు ఘోషిస్తున్నాయి". ఏ సర్వే? ఎప్పుడు చేశారు? ఎవరిని అడిగారు? ఒక్కచోట లేదు. ఘోష మాత్రం బాగా వినబడుతోంది.

మూలం చెప్పలేదు కాబట్టి అంకె అబద్ధం అనేస్తానేమో అనుకునేవు. అట్లా అనను. మండలాఫీసులో గణాంకాల సీట్లో అన్నేళ్లు కూర్చున్నవాణ్ణి, పేరు లేకుండా తిరిగే నిజమైన అంకెలు నేను చాలా చూశాను. మూలం లేని అంకెను నమ్మడానికీ వీల్లేదు, కొట్టెయ్యడానికీ వీల్లేదు. మార్కులిచ్చేవాడు దాన్ని తూకంలో పెట్టకుండా పక్కన ఉంచాలి, అంతే. అందుకే పెన్సిల్ తీసుకుని అంకె ఉన్న వాక్యాలన్నీ లైటుగా కొట్టేసి మిగిలింది చదివాను. చేను పేరా చెక్కుచెదరలేదు. అప్పుల పేరా సగం నిలబడింది. వలస పేరా మాత్రం పూర్తిగా మాయమైంది, ఎందుకంటే అందులో అంకె తప్ప వేరే ఏమీ లేదు. ఏ అంకెను పట్టుకుని వెతకాలో దీంతో తెలిసిపోయింది.

మొదటిది నీకూ నాకూ చిన్నప్పటినుంచీ తెలిసినదే. "దేశంలో జైసల్మేర్ తర్వాత అత్యల్ప వర్షపాతం నమోదయ్యే జిల్లా అనంతపురం." మీటింగుల్లో విన్నాం, పేపర్లలో చదివాం, పిల్లల చేత బట్టీ పట్టించాం. ఇంతమంది చెప్పినదానికి మూలం ఎందుకని పిల్లోడు అనుకున్నట్టున్నాడు. కానీ నలుగురూ ఒకే మాట అన్నప్పుడు ఆ నలుగురికీ అది ఒక్కచోటి నుంచే వచ్చి ఉండొచ్చు. అప్పుడు అది నలుగురి సాక్ష్యం అనిపించుకోదు, ఒక్కడి మాట నాలుగుసార్లు విన్నట్టే.

ఇప్పుడు లెక్క చూడు. మన జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేర్‌లో 200 లోపే. మధ్యలో ఎవరూ లేకపోతేనే మనం రెండోవాళ్లం. బాడ్‌మేర్, బికనేర్ రెండూ 300 దాటవు. లేహ్‌లో అయితే 100 చుట్టుపక్కలే, అంటే జైసల్మేర్ కూడా మొదటిది కాదు. ఒక్క రాజస్థాన్‌లోనే మనకంటే తక్కువ వాన పడే జిల్లాలు వరసగా కనిపిస్తాయి. వాతావరణ శాఖ పట్టిక ఒకటి ముందేసుకుని పది నిమిషాలు కూర్చుంటే ఆ ర్యాంకు నిలవదు. ఎవరో ఎప్పుడో దక్షిణాది గురించో, ఇంకేదైనా చిన్న పరిధి గురించో అన్నమాట తోక తెగి దేశం మొత్తానికి పాకిందేమో అని నా అనుమానం. అనుమానమే సుమా, రుజువు చెయ్యమంటే చెయ్యలేను.

ఆ 550 కూడా ఊరికే రాలేదు. మా ఆఫీసు ఆవరణలో రెయిన్ గేజ్ ఉండేది గుర్తుందా, నువ్వొచ్చినప్పుడు అదేం గొట్టం అని అడిగావు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు అందులో పడిన నీళ్లను కొలత గ్లాసులో పోసి రాసుకోవాలి. చుట్టుపక్కల చెట్టో గోడో ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో గేజ్ ఉండాలి. ఒకచోట వేపకొమ్మ పెరిగి గేజ్ మీదికి వాలింది, ఎవరూ పట్టించుకోలేదు. ఆ మండలం కాగితం మీద మరింత కరువు మండలమైపోయింది! ఇట్లాంటివన్నీ సర్దుకుంటాయనే చాలా గేజ్‌లవి, ఎన్నో ఏళ్లవి కలిపి సగటు తీస్తారు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైంది. హిందూపురం, కదిరి, ధర్మవరం వైపంతా శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిపోయింది. "అనంతపురం జిల్లా సగటు" అంటే 63 మండలాల పాత జిల్లాదా, ఇప్పటిదా? పిల్లోడి వ్యాసంలో దీనికి జవాబు లేదు. ఆ ప్రశ్న వస్తుందని కూడా వాడికి తోచినట్టు లేదు.

నాకు బాధ ఎక్కడంటే, ఆ ర్యాంకు వాడి వాదనకే అడ్డం. వాడి చేను పేరా ఏం చెబుతోంది? వాన మొత్తమ్మీద ఎంత పడిందనేదానికంటే ఎప్పుడు పడిందనేదే రైతును ముంచుతుందని. అది ముమ్మాటికీ నిజం. మన 550లో సుమారు 340 నైరుతిలో, 155 దాకా ఈశాన్యంలో పడుతుంది. విత్తనం వేసేది జూన్, జూలైల్లో. పెద్ద వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. మధ్యలో మూడు వారాలు బెట్ట వస్తే మన ఎర్రనేలల్లో తేమ నిలవదు, ఊడ దిగదు. ఆ తర్వాత ఎంత కురిసినా ఏడాది లెక్కలో మాత్రం "సాధారణం" అని పడుతుంది, చేలో కాయ ఉండదు. ఇంత మంచి మాట చేతిలో పెట్టుకుని పిల్లోడు జైసల్మేర్ వెనకాల పరిగెత్తాడు.

రెండో అంకె అప్పులది. "మన సీమ రైతుల్లో 93.2 శాతం అప్పుల ఊబిలో ఉన్నారు." చుక్క తర్వాత 2 కూడా ఉండేసరికి చదివేవాడు ఇక అడగడు. ఇంత కచ్చితంగా రాశాడంటే ఎక్కడో లెక్కపెట్టే ఉంటారనుకుంటాడు. నిజంగానే లెక్కపెట్టారు. 2019లో కేంద్ర గణాంక శాఖ వాళ్లు వ్యవసాయ కుటుంబాల పరిస్థితి మీద చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన అంకె అదే. దేశం మొత్తానికి 50.2. అంటే అంకె అసలుదే, కానీ అది రాష్ట్రానిది. గోదావరి జిల్లాల రైతు, గుంటూరు రైతు, మన రైతు అందరూ కలిసిన అంకె. పిల్లోడు దాన్ని తెచ్చి సీమకు తొడిగాడు. సీమలో ఇంకా ఎక్కువ ఉండొచ్చు, తక్కువా ఉండొచ్చు. రాష్ట్రం సగటు చూసి ఆ సంగతి చెప్పలేం.

ఇంకో చిక్కు "అప్పు" అన్న మాటతో. ఆ సర్వేలో బాకీ అంటే బాకీయే. బ్యాంకులో తీసుకున్న పంట రుణం, బంగారం పెట్టి తెచ్చింది, షావుకారి దగ్గర అధిక వడ్డీకి తెచ్చింది, అన్నీ ఆ 93లో ఉన్నాయి. ఏటా పంట రుణం తీసుకుని రెన్యువల్ చేసుకునే మీ బావమరిది కూడా అందులో లెక్కే, ఆయనేమన్నా ఊబిలో ఉన్నాడా? ఆ సర్వేలోనే కేరళలో కుటుంబానికి సగటు బాకీ 2 లక్షల 42 వేలు. మన రాష్ట్రంలో 2 లక్షల 45 వేలు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, రెండుచోట్లా రైతు గతి ఒకటేనని మాత్రం ఎవరూ అనరు. బ్యాంకులు ఊళ్లలోకి బాగా వచ్చినచోట బాకీలూ ఎక్కువే కనబడతాయి. బాకీ ఉండటం ఒకటి, తీర్చలేకపోవడం ఇంకొకటి. "ఊబి" అన్నది పిల్లోడు కలిపిన మాట, సర్వే అనలేదు.

"ఇది వ్యాసరచన పోటీ, పీహెచ్‌డీ కాదు" అని మీ కమిటీలో ఎవరో ఒకరు అంటారు, నాకు తెలుసు. వాళ్లకు ఈ వాక్యం చూపించు: "2019 కేంద్ర సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబాల్లో నూటికి 93 కుటుంబాలకు ఏదో ఒక బాకీ ఉంది." పిల్లోడి వాక్యం కంటే ఏడు మాటలు ఎక్కువ. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, దేన్ని లెక్కపెట్టారో అన్నీ వచ్చేశాయి. అడుగున ఫుట్‌నోటు అక్కర్లేదు, జాబితాలక్కర్లేదు.

ఇక మూడోది. "సీమలో ప్రతి పది ఇళ్లలో ఏడిళ్ల నుంచి వలస పోతున్నారు." దీనికి నాకు మూలం ఎక్కడా దొరకలేదు. దొరకదని వెతక్కముందే అనిపించింది. ఎట్లాగంటావా? ఈ అంకె కావాలంటే ఎవరు ఏం చెయ్యాలి అని ఆలోచించాను. ఇల్లిల్లూ తిరగాలి. ఏ నెలలో? మీ ఆదోని, కోసిగి వైపు మిరపకోతల సీజన్లో పోతే సగం ఇళ్లకు తాళాలు, జనమంతా గుంటూరులో. తాళం వేసిన ఇంటిని వలస కింద రాస్తారా, "ఎవరూ లేరు" అని వదిలేస్తారా? ముసలమ్మ ఒక్కతే ఉంటే ఆమె చెప్పింది రాస్తారా? ఉగాదికి పోతే అందరూ ఇంట్లోనే ఉంటారు, వలసే కనబడదు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ శనివారం ఇంటికొచ్చే కుర్రాడు వలసేనా? ఈ ప్రశ్నలకు ఎవరైనా జవాబు పెట్టుకుని లెక్క తీసి ఉంటే ఆ జవాబులు కూడా అంకెతో పాటే తిరిగేవి. జనాభా లెక్కలు చూద్దామంటే నేను చూడగలిగినవి 2011వి, ఆ అంకెతో ఇప్పటి "పోతున్నారు" అని రాయకూడదు. ఈ వాక్యానికి నేను సున్నా వేశాను. వలస లేదని కాదురా, నాకంటే నీకే ఎక్కువ తెలుసు ఎంతుందో. పిల్లోడికి కావాల్సింది పది ఇళ్లలో ఏడు కాదు. కోసిగి బస్టాండులో మూటలతో నిలబడ్డ ఒక కుటుంబాన్ని ఎక్కడికి పోతున్నారు, అడ్వాన్సు ఎంత తీసుకున్నారు అని అడిగి రాసుంటే ఆ పేరా కూడా చేను పేరా లాగే నిలబడేది.

ఇప్పుడు ప్రైజు సంగతి. ఇట్లాగే ఇస్తే నేను రెండోదే ఇస్తాను. ఫస్టుకు నువ్వు పక్కన పెట్టిన ఆ చెరువుల వ్యాసం చూడు. చప్పగా రాసింది ఆ అమ్మాయి, ఒప్పుకుంటా, కానీ తన ఊరి చెరువు కింద ఎన్ని ఎకరాల ఆయకట్టు ఉందో ఏ రికార్డులో చూసి రాసిందో చెప్పింది. ఆ రికార్డులో ఉన్నదానికీ ఇప్పుడు నిజంగా పారేదానికీ తేడా ఉందని కూడా తనే రాసింది. ఇంటర్ చదివే పిల్లకు ఆ తెలివి ఎట్లా వచ్చిందో!

మీ కమిటీ ఒప్పుకుంటే ఇంకో దారి ఉంది. ప్రైజులిచ్చేముందు ఇద్దర్నీ పిలిచి మాట్లాడండి. పిల్లోణ్ణి "ఈ 93.2 ఎక్కడ చూశావు నాయనా?" అని మెత్తగా అడుగు. పేపర్లో అనో, సార్ నోట్స్‌లో అనో చెబితే ఆ కాగితం తెమ్మను, రెండ్రోజులు టైమివ్వు. తెచ్చి వాక్యాలు సరిచేసి, ఏడిళ్ల మాట కొట్టేస్తే నా మార్కులు మారతాయి. అందుకే మార్కుల కాగితం పెన్సిల్‌తో రాసి ఇందులో పెట్టాను. టెన్షన్ పెట్టొద్దు వాణ్ణి, రాసే చెయ్యి ఉన్నోడు.

వాన లెక్కల పట్టిక జిరాక్స్ కూడా జతచేశాను, కమిటీలో ఎవరైనా జైసల్మేర్ ఎత్తితే చూపించు. పోటీ ముగిశాక ఇటొస్తే రెండ్రోజులు ఉండేట్టు రా. మీ ఇంటికి చెనక్కాయలు పంపమని మా ఆవిడ అంటోంది, బస్సుకు వేస్తే దించుకుంటావా, లేక వచ్చినప్పుడు పట్టుకుపోతావా రాయి.

నీ
సుబ్బు