75 శాతం ఆదా ఎక్కడిది?

సంపాదకుడు గారికి,

గత మంగళవారం మీ జిల్లా పేజీలో మా కాలనీ మెయిన్ రోడ్డు సెన్సర్ దీపాల గురించి వార్త వేశారు. రోడ్డు ఖాళీగా ఉంటే వాటంతట అవే డిమ్ అవుతాయనీ, మనిషో బండో వస్తే వెలుగు పెంచుతాయనీ, దీనివల్ల 75 శాతం కరెంటు ఆదా అవుతోందనీ, త్వరలో ఊరంతా పెడతారనీ రాశారు. ఫొటోలో వేపచెట్టు పక్కన కనిపించే స్తంభం మా ఇంటి ముందుదే. ఆ రోజే ఉత్తరం రాద్దామనుకున్నాను. కానీ లెక్క లేకుండా రాస్తే పని లేని ముసలాయన గొణుగుడు అంటారు. అందుకని మూడు రాత్రులు అరుగు మీద కూర్చుని, నోట్‌బుక్కులో గీతలు గీసి, ఇప్పుడు రాస్తున్నాను. దోమల సంగతి వేరే ఉత్తరం రాయాలి.

నేను కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. సెన్సర్ దీపాల మీద నాకు కోపమేమీ లేదు. పాత సోడియం దీపం పూర్తిగా వెలగడానికే నాలుగైదు నిమిషాలు తీసుకునేది. మనిషి రాగానే వెలుగు పెంచడం దాంతో అయ్యే పని కాదు. ఎల్‌ఈడీ రెప్పపాటులో తగ్గుతుంది, పెరుగుతుంది. కాబట్టి ఆలోచన మంచిదే. తేడా వచ్చింది లెక్క చెప్పడంలోనూ, పెట్టిన తీరులోనూ.

ముందు లెక్క. మా రోడ్డులో 40 స్తంభాలు, ఒక్కోదానికి 60 వాట్ల ఎల్‌ఈడీ. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా పూర్తిగా వెలిగితే ఒక్కో దీపం 720 వాట్ అవర్లు, అంటే ముప్పాతిక యూనిట్ కంటే కాస్త తక్కువ తింటుంది. ఇప్పుడు రోడ్డు ఖాళీ అయితే 30 శాతానికి, అంటే 18 వాట్లకు దిగుతుంది. కానీ రోడ్డు ఎప్పుడు ఖాళీ? రాత్రి పది దాకా బండ్లు, టిఫిన్ బండి దగ్గర జనం, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు. దీపం దిగే సందే లేదు. మళ్లీ తెల్లవారుజామున నాలుగున్నరకల్లా పాల ఆటోలు, వాకింగు వాళ్లు మొదలు. ఈ రెండు వేళల్లో కలిపి అయిదున్నర గంటలు పూర్తి వెలుగే.

మిగిలింది ఆరున్నర గంటలు. ఆ వేళలో నేను లెక్కపెట్టిన బండ్లు, మనుషులు మూడు రాత్రుల సగటున 96. ఒక్కసారి కదలిక పసిగడితే దీపం ఒక నిమిషం పూర్తిగా వెలిగి మళ్లీ దిగుతోంది. అంటే ఇంకో 96 నిమిషాలు, గంటన్నర పైచిలుకు, పూర్తి వెలుగు. నిజంగా దీపం డిమ్‌లో ఉండేది అయిదు గంటలలోపే. అన్నీ కలిపి ఒక్కో దీపం రాత్రికి 514 వాట్ అవర్లు తింటోంది. 720లో 206 మిగిలింది. 29 శాతం. కుక్కల్ని లెక్కలో వేయలేదు. మా వీధి కుక్కలు అర్ధరాత్రి సభ పెడితే అయిదారు దీపాలు వాటికి కాపలా కాస్తాయి.

మరి 75 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? ఇది పట్టుకోవడానికి నాకు ఒక రోజు పట్టింది. ఈ దీపాలు పెట్టినవాళ్లు ఇప్పటి ఖర్చును మొన్నటిదాకా ఉన్న మామూలు ఎల్‌ఈడీతో పోల్చలేదు. ఎన్నో ఏళ్ల కింద తీసేసిన 150 వాట్ల సోడియం దీపంతో పోల్చారు. చోక్ తినేది కూడా కలిపి 170 వాట్లు వేసుకుంటే రాత్రికి 2,040 వాట్ అవర్లు. అందులోంచి 514 తీసేస్తే సరిగ్గా 75 శాతం ఆదా! కానీ అందులో సింహభాగం, 1,320, సోడియం పీకి ఎల్‌ఈడీ పెట్టినప్పుడే వచ్చేసింది. సెన్సర్ తెచ్చింది ఆ 206 మాత్రమే. 2015లో కేంద్రం వీధి దీపాల పథకం మొదలుపెట్టాక, హుద్‌హుద్ దెబ్బ తిన్న విశాఖ మొదలుకొని మన ఊళ్లకు ఎల్‌ఈడీలు వచ్చాయి. అప్పుడూ మీ పేపర్లో 'సగానికి పైగా ఆదా' అని వేశారు. అదే ఆదాను ఇప్పుడు ఇంకోసారి చూపించడం ఒకే బిడ్డకు రెండుసార్లు బారసాల చేసినట్టుంది.

డబ్బులో చెప్పాలంటే 40 దీపాలకు రాత్రికి ఎనిమిది యూనిట్లు, ఏడాదికి దాదాపు మూడు వేల యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకుంటే 21 వేలు. సెన్సర్‌కూ, వెలుగు తగ్గించి పెంచే డ్రైవర్ సర్క్యూట్‌కూ దీపానికి అదనంగా పదిహేను వందలు అయిందనుకున్నా, మూడేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. ఇది తీసిపారేసే లెక్కేమీ కాదు. ఉన్నదున్నట్టు చెప్పినా జనం సంతోషించేవాళ్లు.

ఇక పెట్టిన తీరు. మా ఎదురింటి నర్సమ్మ సెకండ్ షిఫ్టు చేసి రాత్రి పదకొండింటికి స్కూటర్ మీద వస్తుంది. "బాబాయ్ గారూ, నేను దాటిపోయాక వెనకాల లైటు పెరుగుతోంది, నాకా వెలుగు, నా వెనకొచ్చేవాడికా?" అని అడిగింది. అమ్మాయి అన్నది అక్షరాలా నిజం. స్తంభాల మధ్య దూరం 30 మీటర్లు. ఈ రకం సెన్సర్ ఒంటి వేడిని పసిగట్టి పనిచేస్తుంది. ఎనిమిది మీటర్ల ఎత్తున పెడితే కింద స్తంభం నుంచి ఏ వైపైనా ఏడెనిమిది మీటర్ల కంటే ఎక్కువ దూరం చూడలేదు. అంటే రెండు స్తంభాల మధ్య సగం రోడ్డు ఎవరి కంటికీ ఆనదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే స్కూటర్ సెకనుకు 11 మీటర్లు పోతుంది. అది సెన్సర్ పరిధిలోకి వచ్చిన సెకనులోపే స్తంభం దాటేస్తుంది. ఎల్‌ఈడీ రెప్పపాటులో పెరగగలిగినా, ఇక్కడ పెట్టిన దీపం పూర్తిగా పెరగడానికి రెండు సెకన్లు తీసుకుంటోంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు!

దీనికి మందు లేకపోలేదు. ఒక స్తంభం పసిగట్టగానే పక్క రెండు స్తంభాలకు వైర్‌లెస్‌లో కబురు పంపితే, బండి కంటే వెలుగు ముందు నడుస్తుంది. ఆ రకం దీపాలు ఉన్నాయి, ధర కొంచెం ఎక్కువ. టెండరులో తక్కువ కోట్ చేసినవాడికి ఇచ్చారు కాబట్టి మాకు ఎవరి కళ్లు వాళ్లవే అయిన 40 స్తంభాలు వచ్చాయి.

ఇంకో సంగతి. ఒంటి వేడికీ, వెనక ఉన్న రోడ్డు వేడికీ తేడా ఉంటేనే ఈ సెన్సర్‌కు మనిషి కనపడతాడు. మార్చిలో పెట్టి పరీక్షించినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. మే నెల వచ్చింది. పగలంతా కాగిన తారు రోడ్డు రాత్రి పదింటికి కూడా మన ఒంటి వేడికి దగ్గరగానే ఉంటోంది. నడిచి వెళ్లేవాళ్లు స్తంభం మొదట్లోకి వచ్చి నిలబడి చెయ్యి ఊపితే గానీ దీపం గుర్తుపట్టడం లేదు. మా వీధి పెద్దావిడ ఒకరు రోజూ దానికి దండం పెట్టి వెళ్తోంది, వెటకారానికే లెండి. రాడార్‌లా పనిచేసే మైక్రోవేవ్ సెన్సర్‌కు ఎండాకాలం బాధ లేదు, కానీ వేపకొమ్మ ఊగినా అది మేల్కొంటుంది. ఏది ఎక్కడ పెట్టాలో చూసి పెట్టాలి. చూసేవాళ్లు ఎవరు?

చీకటి పడిందా లేదా చూసే లైట్ సెన్సర్ కథ వేరు. ఫంక్షన్ హాలు ఎదురుగా ఉన్న స్తంభం, పెళ్లి ఉన్న రాత్రి ఆ సీరియల్ లైట్లు చూసి పగలే అనుకుని వెలగదు. సరిగ్గా జనం ఎక్కువున్న రాత్రే ఆ మలుపులో చీకటి. 17వ స్తంభం మీద కాకులు రెట్ట వేశాయి. సెన్సర్ కన్ను మూసుకుపోయి దానికి ఎప్పుడూ అర్ధరాత్రే. పది రోజులుగా పగలూ వెలుగుతోంది. పగటి పూట ఎవరో ఒకరు కింద నుంచి పోతూనే ఉంటారు కాబట్టి పూర్తి 60 వాట్లు. అలా ఒక్క పగలు వెలిగితే అది మూడున్నర రాత్రుల ఆదాను మింగేస్తుంది. అంటే ఈ పది రోజుల్లో ఆ స్తంభం నెల పైన ఆదా తిరిగి కరెంటాఫీసుకే కట్టేసింది. కావలసింది ఓ నిచ్చెన, తడిగుడ్డ.

ఫిర్యాదు చేశాను. ఫోనెత్తిన అమ్మాయి స్తంభం నంబరు అడిగింది. చెప్పాను. ఆ నంబరు సిస్టంలో లేదంది. కొత్త దీపాలు పెట్టినప్పుడు కాంట్రాక్టరు కొత్త నంబర్లు రాశాడు, ఆఫీసులో పాతవే ఉన్నాయి. మెయింటెనెన్సు కాంట్రాక్టరుది అని ఆఫీసు, నాకు లిస్టు రాలేదని కాంట్రాక్టరు. మా రోజుల్లో ఒక హెల్పరు సాయంత్రం సైకిలేసుకొచ్చి స్విచ్చులు వేసేవాడు, పొద్దున తీసేవాడు. ఒక్కోరోజు తాగి పడుకునేవాడు, నిజమే. కానీ మర్నాడు పట్టుకుని తిట్టడానికి ఓ మనిషి ఉండేవాడు. ఇప్పుడు దీపం తెలివైనది, యాప్ తెలివైనది, మనం మాత్రం చీకట్లో ఫోను పట్టుకుని ఓటీపీ కోసం చూస్తుంటాం.

నేను అడిగేవి పెద్దవి కావు. 30 శాతం బదులు 50 శాతం దగ్గర ఆపండి. తక్కువ రద్దీ వీధులకు మన దేశ ప్రమాణం సగటున 4 లక్స్ వెలుగు అడుగుతుంది. మా రోడ్డు మీద పూర్తి వెలుగు ఫోను యాప్‌తో కొలిస్తే పది దగ్గర చూపింది, దాన్ని కచ్చితమని నేననను. కానీ ఆ లెక్కన 30 శాతం అంటే 3, 50 శాతం అంటే 5. అలా చేస్తే ఆదా 29 నుంచి 20 శాతానికి దిగుతుంది, ఏడాదికి ఆరు వేలు తగ్గుతాయి. నర్సమ్మ గుంత చూసుకుని బండి నడపడానికి ఆరు వేలు ఎక్కువంటారా? ఒకటే జాగ్రత్త. ఫిర్యాదులొచ్చాయి కదా అని వెలిగి ఉండే సమయాన్ని నిమిషం నుంచి అయిదు నిమిషాలకు పెంచొద్దు. 96 సార్లు అయిదేసి నిమిషాలంటే ఆదా చాలావరకు ఆవిరైపోతుంది. రెండోది, ఈ రోడ్డు దీపాల ప్యానెల్‌కు విడిగా మీటరుంది. సెన్సర్ పెట్టక ముందు నెల రీడింగు, పెట్టాక నెల రీడింగు పక్కపక్కన వేయమనండి. మీ విలేకరి ఆ రెండు అంకెలు అడిగి ఉంటే నేను మూడు రాత్రులు దోమలకు రక్తదానం చేయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇది రాస్తున్న సమయం మధ్యాహ్నం రెండున్నర. 17వ స్తంభం వెలుగుతోంది.

ఇట్లు,
విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్,
మీ పాఠకుడు