మా టీ ట్రీ ఆయిల్ లేబుల్ ఎందుకు మార్చామంటే

"అక్కా, మీ దగ్గర కొన్న టీ ట్రీ ఆయిల్ మా పిల్లికి పేలు పోవడానికి రెండు చుక్కలు రాయొచ్చా? గదిలో డిఫ్యూజర్ పెట్టుకుంటే పర్లేదా?"

రాయొద్దమ్మా, ఒక్క చుక్క కూడా వద్దు. డిఫ్యూజర్ సంగతి కూడా చెప్తాను, ముందు మా తప్పు చెప్పాలి. పోయిన వానాకాలం వరకు మా సీసా మీద "పెంపుడు జంతువులకూ మంచిది, పేలు, గోమార్లు పోతాయి" అని ఉండేది. సహజమైన నూనె కదా, ఏం చేస్తుందిలే అనుకుని నేనే రాయించాను. ఆ మాట నమ్మి ఒక కస్టమర్ తన మూడు కిలోల పిల్లికి సాయంత్రం మెడ వెనక సుమారు పది చుక్కలు రుద్దారు. రాత్రి తొమ్మిదింటికల్లా పిల్లి చొంగ కార్చడం మొదలుపెట్టింది, తర్వాత తూలుతూ నడిచింది, వెనక కాళ్లు నిలబడలేదు, ఒళ్లు చల్లబడింది. డాక్టర్ దగ్గర గిన్నెలు తోమే సోపుతో కడిగి, సెలైన్ పెట్టి, వెచ్చగా ఉంచారు. మూడో రోజుకి మామూలుగా తిరిగింది. ఆవిడ నన్ను తిట్టలేదు, కానీ ఆ రాత్రి పంపిన వీడియో నేను మర్చిపోలేదు.

డ్రాపర్‌ని బట్టి కొంచెం మారుతుంది గానీ ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకోండి. అంటే పది చుక్కలంటే అర మిల్లీలీటరు. అమెరికాలో 2002 నుంచి 2012 వరకు టీ ట్రీ ఆయిల్ ఒంటికి తగిలిన లేదా కడుపులోకి పోయిన 443 కుక్కలు, పిల్లుల వివరాలు పోగు చేస్తే, వాటికి తగిలిన నూనె 0.1 మిల్లీలీటరు నుంచి 85 మిల్లీలీటర్ల దాకా ఉంది. అదంతా ఏమీ కలపని అసలు నూనే. 0.1 అంటే రెండు చుక్కలు, మీరు అడిగినంతే. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి: పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది పొరపాటున ఒలకబోసిన వాళ్లు కాదు, మంచిదని కావాలనే రాసినవాళ్లు. చిన్న వయసు పిల్లులు, బరువు తక్కువ ఉన్నవి ఎక్కువ ఇబ్బంది పడ్డాయి.

ఎందుకంటే ఈ నూనెలు కొవ్వులో ఇట్టే కరుగుతాయి, అందుకే చర్మంలోంచి రక్తంలోకి తొందరగా వెళ్తాయి. మన కాలేయం ఇలాంటి వాటికి ఒక చక్కెర లాంటి పదార్థం తగిలించి మూత్రంలో బయటికి పంపేస్తుంది. పిల్లికి ఆ పని చేసే ఎంజైముల్లో ఒక ముఖ్యమైనది పుట్టుకతోనే పనిచేయదు, అందుకే చాలా పదార్థాలు దాని ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. పైగా పిల్లి ఒళ్లంతా నాకుతుంది, బొచ్చు మీద పడ్డది కడుపులోకీ పోతుంది. కుక్క కాలేయం ఆ పని కొంత మెరుగ్గా చేస్తుంది, కానీ ఎక్కువ నూనె పడితే, సీసా కొరికి తాగితే దానికీ అదే తూలుడు, వణుకు వస్తాయి.

డిఫ్యూజర్‌లో కూడా మీరు చూడాల్సింది వాసన ఒక్కటే కాదు. నీటితో పొగలా వదిలే రకం నూనెని సన్నటి తుంపరగా గాల్లోకి పంపిస్తుంది, అది పిల్లి బొచ్చు మీద పడుతుంది, పిల్లి దాన్ని నాకుతుంది. తలుపు మూసిన గదిలో గంటల తరబడి పెట్టడం అన్నిటికంటే చెడ్డది, ఆస్తమా ఉన్న పిల్లికి అయితే మరీ. పుల్లలు పెట్టే రకంలో తుంపర ఉండదు గానీ, తోకతో తన్నితే సీసా మొత్తం దాని మీదే. టీ ట్రీ ఒక్కటే అనుకోకండి, నీలగిరి తైలం, లవంగ నూనె, దాల్చిన చెక్క, పుదీనా, నిమ్మ నారింజ తొక్కల నూనెలు, వింటర్‌గ్రీన్ కూడా పిల్లి ఉన్న గదిలో వద్దు. జలుబుకి మనం నీలగిరి తైలంతో ఆవిరి పట్టుకుంటాం కదా, ఆ గిన్నె పక్కన కూడా పిల్లిని ఉంచకండి.

ఒకవేళ నూనె పడితే గిన్నెలు తోమే సోపు, గోరువెచ్చని నీళ్లతో వెంటనే కడగండి, తుడిచి వెచ్చగా ఉంచండి, నాకనివ్వకండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. కొబ్బరి నూనె రుద్దొద్దు. లక్షణాలు రెండు గంటల్లోనూ రావచ్చు, పన్నెండు గంటలకీ రావచ్చు, మూడు రోజుల దాకా ఉండొచ్చు. కాబట్టి బాగానే ఉంది కదా అని ఆగకుండా సీసా చేతిలో పట్టుకుని పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పేలకి ఏ మందు వేయాలో కూడా అక్కడే అడగండి, పిల్లి బరువు చూసి ఇస్తారు. కుక్కల కోసం అమ్మే కొన్ని పేల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం, అదీ వాడకండి.

పాత లేబుల్ ఉన్న సీసా మీ దగ్గరుంటే ఫోటో పంపండి. సగం వాడినా సరే, పూర్తి డబ్బు వెనక్కి ఇస్తాం. గోమార్ల స్ప్రే అమ్మడం ఆపేశాం. ఇప్పుడు వచ్చే ప్రతి సీసా మీద "పిల్లి, కుక్కకి రాయరాదు" అని ఎర్ర అక్షరాల్లో ఉంటుంది.