ఉపవాసం ఉన్న పిల్లలు, సాయంత్రం ఆట: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం, సలాం.

పోయిన మంగళవారం కబడ్డీ ప్రాక్టీసులో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు కళ్లు తిరిగి పడిపోయాడు. అయిదు నిమిషాల్లో లేచి కూర్చున్నాడు, గురువారానికల్లా బడికొచ్చాడు. ఈలోగా ధర్మాబాద్ మిర్చి మార్కెట్ దాకా కబురు పాకి, ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. ఉపవాసం ఉన్నవాళ్లను టీంలోంచి తీసేయమని కొందరన్నారు. రోజా ఉన్న పిల్లాణ్ణి ఎండలో ఎలా ఆడించారని మరికొందరు. అందుకే ఈ నెల వార్తాలేఖంతా దాదాపు ఈ సంగతే. మరాఠీ ప్రతి విడిగా వస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పదో తరగతి పిల్లలు హాల్ టికెట్ మర్చిపోకుండా తీసుకెళ్లాలి. గుడిపాడ్వా, రంజాన్ సెలవుల తేదీలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. ఫీజు బాకీ ఎవరికుందో వాళ్లకే తెలుసు.

ఇక ఆ రోజు సంగతి. ఈసారి మన దగ్గర తెల్లవారకముందు తినే సహరీ సుమారు అయిదున్నరకు ముగుస్తోంది, సాయంత్రం ఆరూ ఇరవై, ఆరున్నర మధ్య ఇఫ్తార్. అంటే ఉపవాసం దాదాపు 13 గంటలు. సహరీ సరిగ్గా తిన్న ఆరోగ్యవంతుడైన కుర్రాడు సాయంత్రానికి నీరసపడతాడు కానీ పడిపోడు. ఎందుకు పడిపోయాడో తెలుసుకుందామని వాళ్లమ్మగారినీ, మా పీటీ సారునూ కూర్చోబెట్టి ముందు రోజు సాయంత్రం నుంచీ అడిగాను. ఇఫ్తార్‌కు మిరపకాయ బజ్జీలు, సమోసాలు, రెండు గ్లాసుల ఎర్ర షర్బత్. కడుపు నిండిపోయి రాత్రి భోజనం మానేశాడు. తర్వాత ఫోను పట్టుకుని ఒంటిగంట దాకా మేలుకున్నాడు. సహరీకి అమ్మ లేపితే ఒక గ్లాసు నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాడు. మధ్యాహ్నం మూడున్నరకు ఎండలో కబడ్డీ. అప్పటికి ఆ కడుపులో సరైన తిండి పడి 20 గంటలు దాటింది. పెద్దవాళ్లు 13 గంటల ఉపవాసం ఉంటే ఈ పిల్లాడు ఇంచుమించు ఒక రోజంతా ఉన్నాడు, అదీ అయిదు గంటలైనా నిద్ర లేకుండా.

లోపల జరిగేది ఇది. మనం తిననప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాలేయం తన దగ్గరున్న నిల్వను కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ నిల్వ తక్కువ. రాత్రంతా తినకపోతేనే చాలావరకు ఖర్చవుతుంది. సహరీ దాన్ని మళ్లీ నింపుతుంది. కండరాల్లో ఉండే నిల్వ వేరు. అది కండరానికే పనికొస్తుంది కానీ రక్తంలోకి రాదు. అందుకే కాళ్లలో బలం ఉన్నట్టే ఉంటుంది, తల మాత్రం తిరుగుతుంది. "ఇంతసేపూ బాగానే ఆడాడు మేడం" అని పీటీ సారు అన్నది నిజమే. దీనికి నీటి కొరత తోడైతే, కూతకు వెళ్లి వచ్చి ఆగగానే రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్ల ముందు చీకట్లు కమ్ముతాయి. మనవాడు పడింది పరుగులో కాదు, ఆగి నిలబడ్డాక.

సహరీ ఎగ్గొట్టడం ఈ ఊళ్లో ఇంత మామూలైపోయిందని నాకు తెలియదు. పోయిన వారం తరగతులు తిరిగి అడిగితే చాలామంది చెప్పింది చాయ్, టోస్ట్. కొందరు ఏమీ లేదు. మనం మరాఠ్వాడాలో ఉన్నాం, జొన్న పండే నేల మీద ఉన్నాం, పిల్లలకు మైదా టోస్ట్ పెట్టి పంపిస్తున్నాం! మైదా, చాయ్‌లో చక్కెర తొందరగా అరిగిపోతాయి, తొమ్మిదింటికే ఆకలి వేస్తుంది. రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు పప్పు, ఒక గుడ్డు, కాస్త పెరుగు తింటే అరగడానికి చాలాసేపు పడుతుంది. జొన్నలో పీచు ఉంది, పప్పులో, గుడ్డులో మాంసకృత్తులు ఉన్నాయి, పెరుగులో నీరూ ఉంది. రొట్టెలు రాత్రే చేసి గుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు, నాలుగున్నరకు లేచి పొయ్యి ముందు నిలబడక్కర్లేదు. ఒక్క సంగతి: ఆ పూట ఊరగాయ, పచ్చిమిర్చి ఠేచా, అప్పడాలు పక్కన పెట్టండి. ఉప్పెక్కువైతే పొద్దున్నుంచే దాహం. మిర్చి ఊరిలో ఉండి ఈ మాట చెప్పడం నాకూ కష్టమే. జొన్న రొట్టెను బీదవాళ్ల తిండి అనుకునే ఇళ్లవాళ్లు ఒకసారి నా దగ్గరకు రండి, చాయ్ తాగుతూ మాట్లాడదాం. రంజాన్ అయ్యాకే.

నీళ్ల సంగతికి వస్తే, సహరీ ముగిసే పది నిమిషాల ముందు రెండు లీటర్లు గటగటా తాగి "రోజంతటికీ సరిపోతుంది" అనుకునే పిల్లలు ఉన్నారు. ఒంట్లో అంత నీరు దాచుకునే చోటు లేదు. మొదటి పీరియడ్లోనే రెండుసార్లు బయటికి వెళ్లి పోసుకొస్తారు. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా పరుచుకుని తాగాలి. ఇఫ్తార్‌కు రెండు గ్లాసులు, భోజనంతో ఒకటి, రాత్రి తరావీహ్ నమాజుకు ముందొకటి, తర్వాత ఒకటి, పడుకునే ముందు ఒకటి, సహరీకి రెండు. గ్లాసు పావు లీటరు అనుకుంటే రెండు లీటర్లు అయ్యాయి. తిండితో కలిపి తాగిన నీరు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. ఆడిన రోజు దీని మీద ఇంకొంచెం కావాలి. ఎంత అన్నది కాటా చెబుతుంది.

ఇక్కడ మా ఎనిమిదో తరగతి అమ్మాయి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. రోజా ఉంటూ 1500 మీటర్లు పరుగెత్తే పిల్ల. పీటీ సారు ఒక్కసారి చెప్పగానే ఆటకు ముందూ తర్వాతా బరువు చూసుకుని నోటుబుక్కులో రాసుకుంటోంది. మొన్న ముందు 42 కిలోలు, తర్వాత 41 కిలోల 400 గ్రాములు. ఆ 600 గ్రాములు దాదాపుగా చెమటే, అంటే 600 మిల్లీలీటర్ల నీరు. ఆ రాత్రి మామూలు నీళ్లకు తోడు ఇంకో 900 దాకా తాగాలని తానే లెక్క వేసింది, ఎందుకంటే తాగినదాంట్లో కొంత ఎలాగూ బయటికి పోతుంది. బరువులో వందకు రెండు వంతులు తగ్గితే ఆట దెబ్బతింటుంది. ఈ పిల్లకు అది 840 గ్రాములు, కాబట్టి ఇంకా లోపలే ఉంది. మర్నాడు పొద్దున బరువు మళ్లీ 42 దగ్గరికి రాకపోతే ఆ రోజు పరుగు లేదని కూడా తనే రాసుకుంది. ఆ పేజీ స్టాఫ్ రూంలో అందరికీ చూపించాను. లెక్కల్లో తనకు వచ్చిన మార్కుల గురించి ఇక ఎవరూ నాతో మాట్లాడకండి.

ఈ వారం నుంచి ప్రాక్టీసు వేళలు మారాయి. మూడున్నర ఆట ఎవరికీ లేదు, ఉపవాసం లేనివాళ్లకూ లేదు. సోమ, బుధవారాల్లో అయిదున్నర నుంచి ఆరూ పది దాకా. అందులో ఎక్కువసేపు అడుగులు, పట్లు, ఒళ్లు సాగదీయడం. గట్టి కూతలు చివరి పది నిమిషాల్లోనే. ఇఫ్తార్ దగ్గరపడే వేళకు ఆడితే పోయిన నీరు వెంటనే తాగేయొచ్చు, ఎండా తగ్గుతుంది. అసలైన మ్యాచ్ ప్రాక్టీసు వారానికి ఒక్కసారి, శనివారం ఇఫ్తార్ తర్వాత. రెండు మూడు ఖర్జూరాలు, ఒక అరటిపండు, నీళ్లు, నమాజు, ఏడుంపావు నుంచి ఏడుముప్పావు దాకా ఆట, ఆ తర్వాత ఇంటికెళ్లి అసలు భోజనం. బజ్జీలు తిని వస్తే ఆట మొదలయ్యేలోపు అవి అరగవు, కడుపులో తిప్పుతుంది. తెల్లవారి పరుగు పెట్టొచ్చు కదా అని ఒక నాన్నగారు అడిగారు. చల్లగా ఉంటుంది, సహరీ బలమూ ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు పోయిన చెమటను మళ్లీ సాయంత్రం దాకా పూడ్చుకోలేం. ఈ నెలలో పరుగు దూరం సగానికి తగ్గించాం, వేగం మాత్రం కొద్దిగా ఉంచాం. అలా చేస్తే పండగ తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

ఉపవాసం ఉన్నవాళ్లను టీంలోంచి తీయడం జరగదు. హకీమ్ ఒలాజువాన్ 1995 ఫిబ్రవరిలో రోజాలతోనే బాస్కెట్‌బాల్ ఆడి, అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఆ నెల ఉత్తమ ఆటగాడు అయ్యాడు. అదే సమయంలో ఉపవాసం ఉంటేనే మొగోడు అని ఎవరూ పిల్లల్ని ఎగదోయొద్దు. 2012లో లండన్ ఓవల్ మైదానంలో దక్షిణాఫ్రికా క్రికెటర్ హాషిమ్ ఆమ్లా 311 నాటౌట్ కొట్టిన రోజులు రంజాన్‌వే. తాను ప్రయాణంలో ఉన్నానని ఆ రోజాలు వాయిదా వేసుకున్నాడు, తర్వాత ఉంటానన్నాడు. మా ఉర్దూ సారు మిమ్మల్నందరినీ గుర్తు చేయమన్న మాట: ఖురాన్ రెండో సూరాలోనే రోగులకూ ప్రయాణంలో ఉన్నవాళ్లకూ ఆ సడలింపు ఉంది, పోయిన రోజాలు తర్వాత పూడ్చుకోవచ్చు. ఈడు రాని పిల్లలకు అసలు ఉపవాసం తప్పనిసరి కాదు. షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునే పిల్లలు ఇద్దరున్నారు, వాళ్ల అమ్మానాన్నలు డాక్టరుతో మాట్లాడే దాకా మైదానంలోకి రానివ్వం.

ఎవరికైనా కళ్లు తిరిగితే నీడలో పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తుగా పెడతాం. స్పృహ ఉండి కూడా తేరుకోకపోతే రోజా విరమింపజేసి ఓఆర్‌ఎస్ ఇస్తాం. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలవాలి. దీని మీద వాదన అక్కడ ఉండదు, తర్వాత నాతో పెట్టుకోండి. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే తడిగుడ్డలు, విసనకర్ర, 108. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. మంగళవారం ఎవరో పోయబోయారు.

నిద్ర గురించి మర్యాదగానే చెబుతాను. తరావీహ్ అయ్యేసరికి పది. పదిన్నరకు పడుకుంటే నాలుగున్నర దాకా ఆరు గంటలు, మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక అరగంట కునుకు తీస్తే గడిచిపోతుంది. ఫోను పదింటికి మీ దిండు కింద పెట్టుకోండి. పిల్లల దిండు కింద కాదు. మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి అంటున్న పిల్లల్లో చాలామందిది చాయ్ మానిన నొప్పి, దానికి మాత్రలు వేసి పంపకండి.

శనివారం ఏడుంపావు ఆటకు వచ్చే పిల్లల కోసం ఖర్జూరాలు, అరటిపండ్లు బడిలోనే ఉంటాయి. నీళ్ల సీసా ఇంటి నుంచి తేవాలి. అమ్మాయిలను తీసుకెళ్లడానికి ఇంటివాళ్లు ఎనిమిదికి గేటు దగ్గర ఉండాలి, ఎనిమిదిన్నరకు కాదు. ఒక బండి మీద నలుగురు ఎక్కి వెళ్లడం కనబడితే గేటు తీయను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు