సంచి మోసినోడు ఏ1, డబ్బు పెట్టినోడు పరారీ: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోం మంత్రి వంగలపూడి అనిత గారికి నమస్కారం.

మేడమ్, నేను ఉమ్మడి విశాఖ జిల్లా కోర్టుల్లో ప్రాక్టీస్ చేసే లాయర్ని, లీగల్ ఎయిడ్ తరఫున గంజాయి కేసులు కూడా చూస్తుంటాను. గంజాయి వ్యాపారాన్ని వెనకేసుకురావడానికి రాయట్లేదు ఇది, ఆ సరుకు మన ఊళ్లలో పిల్లల్ని ఏం చేస్తోందో నేనూ చూస్తున్నా, 2024 చివర్లో మీ ప్రభుత్వం గంజాయి, డ్రగ్స్ కట్టడికి ఈగల్ అనే ప్రత్యేక పోలీసు విభాగం పెట్టినప్పుడు సంతోషపడ్డా కూడా. కానీ ఈ కేసుల్లో లోపలున్నది ఎవరు, బయట తిరుగుతున్నది ఎవరు అనేది మీరు ఒకసారి దగ్గరగా చూడాలి. మీ పాయకరావుపేట హైవే మీదే ఉంది, పక్కనే తుని స్టేషన్, ఈ రూటు గురించి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒక కేసు చెప్తా, పేర్లు వద్దు. చింతపల్లి వైపు కుర్రాడు, ఇరవై దాటాయంతే, అంతకుముందు ఏ కేసూ లేదు. సంతలో పరిచయమైన ఒకతను రెండు బ్యాగులు తుని దాకా తెచ్చి రైల్లో ఉన్నోళ్లకి ఇస్తే ఐదు వేలు ఇస్తానన్నాడు. లోపల బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు పది, ఒక్కోటి రెండు కేజీల లెక్కన. ముందు బైక్ మీద పైలట్ ఒకడు వెళ్తాడు, చెకింగ్ ఎక్కడుందో ఫోన్లో చెప్పడానికి. చెకింగ్ కనపడగానే పైలట్ ఫోన్ స్విచాఫ్, బస్సులో ఉన్న కుర్రాడు దొరికిపోయాడు. రిమాండ్ రిపోర్టులో ఏ1 ఈ కుర్రాడే. ఏ2 సంతలో కలిసినోడు, పేరుంది గానీ ఇంటిపేరు లేదు ఊరు లేదు. ఏ3 తమిళనాడు వ్యక్తి అని మాత్రమే ఉంది. ఇద్దరూ పరారీ. దొరికాక సప్లిమెంటరీ ఛార్జిషీట్ వేస్తామని రాశారు, అది ఇప్పటిదాకా రాలేదు.

ప్యాకెట్లన్నీ టేపు, కవరుతో సహా తూస్తే 20 కేజీల 600 గ్రాములు వచ్చింది. ఆ 600 గ్రాముల్లోనే ఉంది మేడమ్ వాడి జీవితం. ఎన్‌డీపీఎస్ అనే మత్తుపదార్థాల చట్టంలో గంజాయి 20 కేజీలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, కనీసం 10 ఏళ్లు, గరిష్ఠం 20, లక్షకి తక్కువ కాకుండా ఫైను. 20 లోపు ఉంటే 10 ఏళ్ల వరకు వెయ్యొచ్చు గానీ కనీస శిక్ష అంటూ లేదు, జడ్జి గారు మనిషిని చూసి, పాత్ర చూసి రెండేళ్లైనా వెయ్యగలరు. ఇప్పుడు లెక్క చూడండి, ప్యాకెట్‌కి 60 గ్రాములు టేపూ కవరూ తీసేస్తే ఇది 20 దాటదు. పైగా చట్టం ప్రకారం గంజాయి అంటే పూత కంకులు, పూత లేకుండా విడిగా ఉన్న ఆకూ గింజా గంజాయి కిందకి రావు, కానీ పంచనామాలో అదంతా వేరు చేసి తూచిందెక్కడ, మొత్తం బ్యాగు కాటా మీద పెట్టి రాసేస్తారు.

20 దాటింది అన్నాక బెయిల్ దగ్గర కూడా సెక్షన్ 37 అడ్డం వస్తుంది, నిర్దోషి అని నమ్మడానికి కారణాలున్నాయని కోర్టుకి అనిపించాలి, ఛార్జిషీట్ వెయ్యడానికే 180 రోజులు టైమ్ ఉంటుంది. 2023లో మొహమ్మద్ ముస్లిం కేసులో ట్రయల్ తేలకుండా ఏడేళ్లు దాటి లోపలున్న మనిషికి సుప్రీంకోర్టే బెయిల్ ఇవ్వాల్సొచ్చింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లే స్తోమత మన ఏజెన్సీ కుర్రాడికి ఎక్కడుంది?

ఇంత కఠినం మొదటినుంచీ లేదు, ఇది చాలామందికి తెలీదు. 1985లో చట్టం వచ్చినప్పుడు గంజాయికి గరిష్ఠ శిక్ష 5 ఏళ్లే, ఎన్ని కేజీలైనా సరే. 2001 సవరణలో బరువుని బట్టి శిక్ష పెట్టారు, చిన్నోళ్లని పెద్దోళ్లని విడదీస్తామన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ బరువు ఎవరి దగ్గర ఉంటుంది? మోసేవాడి దగ్గరే. పెట్టుబడి పెట్టేవాడు సీజన్ ముందే రైతుకి అడ్వాన్స్ ఇస్తాడు, మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు నుంచి సరుకు దింపిస్తాడు, తమిళనాడుకో కేరళకో మహారాష్ట్రకో బేరం మాట్లాడుకుంటాడు, సరుకుని మాత్రం ఒక్కసారి కూడా ముట్టుకోడు. ఒక బ్యాగు పోతే ఆ నష్టం లెక్కలో వేసుకుని ఇంకో కుర్రాణ్ణి వెతుక్కుంటాడు. ఆ పెట్టుబడిదారుడి కోసం చట్టంలో 27ఏ అని వేరే సెక్షనే ఉంది, దాంట్లో శిక్ష ఎంత? కనీసం 10, గరిష్ఠం 20. ఐదు వేలకి ఆశపడ్డోడికీ, మొత్తం నడిపించేవాడికీ ఒకటే కొలత, ఇది న్యాయమని ఎలా ఒప్పుకుంటాం? ఇంగ్లాండులో 2012 నుంచి గైడ్‌లైన్ ఉంది, బరువుతో పాటు ఆ మనిషిది నడిపించే పాత్రా, చిన్న పాత్రా అని కూడా చూస్తారు. మన దగ్గర కనీసం కంటే ఎక్కువ వెయ్యడానికి ఏమేం చూడాలో 32బీలో రాశారు, కనీసం కంటే కిందకి వెళ్లడానికి ఎక్కడా దారి లేదు.

చట్టం కేంద్రానిది, మా చేతిలో ఏముంది అంటారేమో. మీ చేతిలోనే ఉన్నవి అడుగుతా.

సెక్షన్ 64 చూడండి. ఉన్నదంతా నిజంగా చెప్పే షరతు మీద నిందితుడికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి కూడా ఉంది. మొదటిసారి దొరికి, కూలికి మోసినోడికి దీన్ని ఇవ్వడానికి ఒక పద్ధతి పెట్టండి. ఎందుకంటే, 2020లో తూఫాన్ సింగ్ కేసు తర్వాత ఆఫీసర్ ముందు ఇచ్చిన కన్ఫెషన్ కోర్టులో చెల్లదు, ఈ కుర్రాడి నోటి నుంచి వచ్చిన పేరు ఒక్కటే ఉంటే రేపు ఏ2 దొరికినా కేసు నిలబడదు. అదే కుర్రాడు సాక్షిగా బోనెక్కి చెప్తే, దానికి కాల్ డేటా, టవర్ లొకేషన్, యూపీఐ లావాదేవీలు తోడైతే నిలబడుతుంది. ఇప్పుడు వాడు ఎందుకు చెప్తాడు చెప్పండి, చెప్పినా పదేళ్లే, చెప్పకపోయినా పదేళ్లే, చెప్తే ఊళ్లో అమ్మానాన్నలకి ప్రమాదం అదనం. ఆ కుటుంబానికి రక్షణ కూడా అదే పద్ధతిలో ఉండాలి, లేకపోతే ఎవరూ నోరు విప్పరు.

రెండోది డబ్బు. 68ఎఫ్ కింద గంజాయి సొమ్ముతో కొన్న స్థలం, లారీ, బ్యాంకు ఖాతా ఫ్రీజ్ చెయ్యొచ్చు, 48 గంటల్లో కాంపిటెంట్ అథారిటీకి తెలపాలి, 30 రోజుల్లో ఆ అథారిటీ కన్ఫర్మ్ చెయ్యకపోతే ఆర్డరు పోతుంది. బందోబస్తు డ్యూటీల మధ్యలో స్టేషన్ ఎస్సై ఒక్కడే ఇదంతా చెయ్యలేడు, నేను వాళ్లని తప్పు పట్టట్లేదు. ఈగల్‌లో బ్యాంకు లెక్కలు చదవగలిగినవాళ్లని పెట్టి, కమర్షియల్ క్వాంటిటీ దొరికిన ప్రతి కేసునీ కొన్నవాడి వరకూ, డబ్బు పెట్టినవాడి వరకూ తవ్వమనండి. తూకం దగ్గర కూడా టేపు, కవరు తీసి నికర బరువు రాయాలని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి, అది మీ సంతకంతో అయిపోయే పని.

కేంద్రానికి కూడా ఒక లేఖ రాయండి మేడమ్, పాత్ర చిన్నదైతే కారణాలు రాసి కనీస శిక్ష కంటే తక్కువ వేసే వీలు జడ్జికి ఇమ్మని. సరిహద్దు రాష్ట్రంగా మన మాటకి విలువ ఉంటుంది.

ఇక ఈ లేఖకి జవాబుగా నాకు కావాల్సింది రెండు అంకెలు. గత ఐదేళ్లలో మన రాష్ట్రంలో గంజాయి కేసుల ఛార్జిషీట్లలో పరారీ అని రాసినవాళ్లు ఎంతమంది, వాళ్లలో తర్వాత పట్టుకుని కోర్టు ముందు నిలబెట్టింది ఎంతమందిని? జిల్లాలవారీగా బయటపెట్టండి.

ఇట్లు,
ఉమ్మడి విశాఖ జిల్లా నుంచి ఒక న్యాయవాది