సారాంశంలో టైములు ఎందుకు తప్పాయి, ఇకపై ఏం చేస్తున్నాం

"లిఫ్ట్ గురించి తీసుకున్న నిర్ణయం 1:34:25 దగ్గర ఉందని సారాంశంలో రాశారు. అక్కడికి వెళ్తే పార్కింగ్ మీద మాటలు వినిపిస్తున్నాయి. ఇక మిగతా టైములు ఎలా నమ్మాలి?"

గత నెల ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి ఇలా అడిగారు. ఆ రోజే రికార్డింగ్ మళ్లీ విన్నాను. తప్పు మాదే. మా దగ్గర మీటింగుల సారాంశాలు రాయించుకునే అందరికీ జరిగింది చెప్పాలనిపించింది.

వాళ్లు మాకు పంపిన ఫైలు 2 గంటల 18 నిమిషాలు. దాన్ని వింటూనే టైములు వేశాం, ఆ ఫైలులో అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ సభ్యులు చూస్తున్నది ఆ ఫైలు కాదు. యూట్యూబ్‌లో పెట్టాక, మొదట్లో అందరూ వచ్చేదాకా ఆగిన 6 నిమిషాల 40 సెకన్లు, మధ్యలో టీ విరామం 11 నిమిషాల 15 సెకన్లు అక్కడే కత్తిరించారు. అలా కత్తిరించినా వీడియో లింకు మారదు. అందుకే మేమిచ్చిన లింకులన్నీ చక్కగా తెరుచుకున్నాయి, వేరే చోట.

ఈ తేడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు. టీకి ముందు జరిగిన వాటిలో 6:40 తీసేస్తే చాలు. కాబట్టి వాచ్‌మన్ జీతం చర్చ 0:52:10 నుంచి 0:45:30కి వస్తుంది. టీ తర్వాతి వాటిలో రెండు కోతలూ కలిపి 17:55 తీసేయాలి. అప్పుడు లిఫ్ట్ నిర్ణయం 1:34:25 నుంచి 1:16:30కి వస్తుంది. మొదటి ఒకటి రెండు టైములు చూసి అన్నిటికీ ఒకే సవరణ చేసి ఉంటే రెండో సగమంతా మళ్లీ తప్పేది. అందుకే ఇప్పుడు మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి తప్పకుండా నొక్కి చూస్తున్నాం. మూడింట్లోనూ తేడా ఒకటే అయితే మొదట్లోనే కోత పడిందని తెలుస్తుంది. దారిలో ఎక్కడో తేడా ఒక్కసారిగా పెరిగితే మధ్యలో కోత ఉన్నట్టు, అది ఎక్కడుందో వెతకాలి.

ఆ రికార్డింగ్ మళ్లీ వింటుంటే ఇంకో లోపం కనబడింది. నాకైతే ఇదే ఎక్కువ బాధ కలిగించింది. లిఫ్ట్ సంగతి ఆ మీటింగ్‌లో మొదట 21వ నిమిషంలో వచ్చింది. మరమ్మతు ఖర్చు విని కొందరు అభ్యంతరం చెప్పారు, తర్వాత చూద్దామని పక్కన పెట్టారు. టీ తర్వాత మళ్లీ ఎత్తి తేల్చారు. మేము సారాంశంలో అంతా ఒక్క వాక్యంగా కుదించి, చివరి టైము ఒక్కటే ఇచ్చాం. టైము సరిగ్గా ఉన్నా, నొక్కినవాళ్లకు "సరే, అలాగే చేద్దాం" అన్న మాట వినబడేది తప్ప, ఎవరు ఎందుకు వద్దన్నారో తెలిసేది కాదు. అభ్యంతరం చెప్పినవాళ్ల మాట రికార్డింగ్‌లో ఉండి కూడా దొరక్కుండా పోయింది.

అందుకని ఒక విషయం రెండు మూడు చోట్ల నడిస్తే ఇకపై అన్ని టైములూ ఇస్తాం: మొదట ఎత్తింది, అభ్యంతరం, నిర్ణయం. టైము కూడా నిర్ణయం చెప్పిన క్షణానికి కాకుండా, ఆ ప్రశ్న అడగడం మొదలైన చోటికి కొన్ని సెకన్ల ముందు వేస్తాం. గంట దాటిన రికార్డింగుల్లో మొదటి గంటలోని టైముకి కూడా ముందు సున్నా ఉంటుంది. 1:05 అని ఊరికే రాస్తే గంటా ఐదు నిమిషాలో, నిమిషం ఐదు సెకన్లో చదివేవాళ్లకు తెలియదు.

లింకులో మాత్రం టైము సెకన్లలో ఉంటుంది. 45:30 అంటే 2730 సెకన్లు, కాబట్టి ఇలా కనిపిస్తుంది:

```
https://youtu.be/VIDEO_ID?t=2730
```

VIDEO_ID ఉన్న చోట మీ వీడియో గుర్తు వస్తుంది. వీడియో కింద వివరణలో చాప్టర్లుగా కూడా కావాలంటే మొదటి టైము 0:00 కావాలి, కనీసం మూడు ఉండాలి, వరుస క్రమంలో ఉండాలి, ఒక్కో భాగం 10 సెకన్లకు తగ్గకూడదు. అది మేమే సిద్ధం చేసి ఇస్తాం.

మీ నుంచి ఒక్కటే అడుగుతున్నాను. ముందు కత్తిరించి, సభ్యులు చూడబోయే ఫైలునే మాకు పంపండి. సారాంశం పైన ఆ ఫైలు పేరు, మొత్తం నిడివి రాస్తున్నాం. మీ వీడియో నిడివి దానితో కలవకపోతే టైములు తప్పినట్టే, వెంటనే చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసినది రెండు ముక్కలుగా వస్తే రెండూ పంపి, ఏది ముందో చెప్పండి. రెండో ముక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి మొదటి ముక్క నిడివి మేము కలుపుకోవాలి.

ఇప్పటికే ఇచ్చిన సారాంశాల్లో టైములు కుదరకపోతే, ఎంత పాతవైనా డబ్బు తీసుకోకుండా సరిచేసి పంపుతాం. ఎక్కడెక్కడ ఎంత కత్తిరించారో గుర్తుంటే చెప్పండి. గుర్తులేకపోయినా పర్వాలేదు, వీడియో లింకు పంపితే మేమే విని కనుక్కుంటాం.